‘తెలిసింది’ అంటే ఎవరికి?

1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడ్డాక సాక్చికి పనికోసం వచ్చినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1919లో ఆ ఊరు జంషెడ్‌పూర్ అయింది. వాళ్ల మనవలు ఇప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడుతున్నారో ఒక పరిశోధకురాలు పరిశీలించి, ఇంగ్లీషు జర్నల్‌కు అనువదించి పంపడానికి తెలుగులో సారాంశం రాసిందనుకుందాం. అందులో ముఖ్యమైన వాక్యం ఇది: ‘జంషెడ్‌పూర్‌లోని కద్మాలో ఉన్న తెలుగు కుటుంబాలను పరిశీలించగా, హిందీ మాధ్యమం ప్రభావం వల్ల మూడో తరంలో తెలుగు వాడకం బాగా తగ్గిందని తెలిసింది.’

తెలుగులో ఈ వాక్యానికి వంక పెట్టలేం. ఇంగ్లీషులోకి మార్చబోతేనే చిక్కులు బయటపడతాయి. ‘పరిశీలించగా’ అన్నది ఎవరు, ఎలా పరిశీలించారో చెప్పదు. ఇంట్లో కూర్చుని మాటలు రికార్డు చేశారా, ప్రశ్నలడిగి జవాబులు రాసుకున్నారా? అడిగే ఉంటే ‘తెలిసింది’కి ‘ఫౌండ్’ సరిపోదు, ‘రిపోర్టెడ్’ అనాలి. తాము ఏం మాట్లాడుతున్నామని జనం చెప్పేదీ, నిజంగా మాట్లాడేదీ ఒకటి కాకపోవచ్చు.

అసలు ప్రమాదం ‘ప్రభావం వల్ల’ దగ్గర ఉంది. దాన్ని ‘డ్యూ టు’ అని రాస్తే కారణాన్ని నిరూపించామని చెప్పినట్టే. ఒక్కసారి జరిపిన సర్వేకు అంత బలం లేదు. హిందీ బడికి వెళ్లిన పిల్లల పొరుగువాళ్లూ హిందీవాళ్లే అయి ఉండవచ్చు. బడి ప్రభావమెంతో, వీధి ప్రభావమెంతో ఆ సర్వే విడదీయలేదు. ‘అసోసియేటెడ్ విత్’ అంటే రెండూ కలిసి కనిపిస్తున్నాయని మాత్రమే అర్థం. చేతిలో ఉన్న ఆధారం అంతవరకే మోయగలదు.

‘బాగా’ స్థానంలో అంకె రావాలి. అనువాదకుడు దాన్ని ఊహించకూడదు, రచయిత్రినే అడగాలి. ఆమె 40 కుటుంబాలను అడిగిందనీ, తాతలకన్నా పిల్లలు తెలుగు తక్కువ మాట్లాడతారని 26 కుటుంబాలు చెప్పాయనీ ఊహిద్దాం. అప్పుడు వాక్యం ఇలా నిలుస్తుంది: ‘ఆఫ్ 40 ఫ్యామిలీస్ ఇంటర్వ్యూడ్ ఇన్ కద్మా, 26 రిపోర్టెడ్ దట్ ది చిల్డ్రన్ స్పోక్ లెస్ తెలుగు దేన్ దెయిర్ గ్రాండ్‌పేరెంట్స్.’ హిందీ మాధ్యమంతో ఉన్న సంబంధం తరవాతి వాక్యంలో, తన లెక్కతో విడిగా వస్తుంది. చేసిన పనికీ, వచ్చిన ఫలితానికీ భూతకాలం వాడాలి. ఆ ఫలితం నుంచి తేల్చిన మాటకు వర్తమానం వాడవచ్చు, కానీ ‘సజెస్ట్’ స్థాయి దాటకూడదు.

తెలుగు సారాంశాలు తరచు ‘ఈ వ్యాసంలో చర్చించాను’ అని ముగుస్తాయి. చాలా జర్నళ్లు 150 నుంచి 250 పదాలే ఇస్తాయి కాబట్టి ఆ వాక్యం తీసేసి, ఆ చోటు ఫలితానికి ఇవ్వాలి.

పూర్తయ్యాక, తెలుగు ప్రతిని చూడని మరొకరి చేత ఇంగ్లీషును తిరిగి తెలుగులోకి చెప్పించాలి. వాళ్ల నోట ‘కారణం’ అన్న మాట వచ్చిందంటే, ఎక్కడో ఒక క్రియ అవసరానికి మించి గట్టిగా పడింది. ఆ క్రియను మెత్తబరచాలి. కారణమే అని రచయిత్రి పట్టుబడితే, అనువాదం ఆపి ఆధారం చూపమనాలి.