నన్నయకు దొరికిన ఒక్క తేదీ

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందులో, ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లోంచి మొన్న ఒక గ్రూప్స్ గైడు కొన్నాను. తెలుగు సాహిత్యం అధ్యాయం తెరిస్తే మొదటి వరుసలోనే ‘నన్నయ (1022–1063)’ అని ఉంది. ఎవరో విద్యార్థి దాని కింద ఎర్ర గీత కూడా గీసుకున్నాడు.

అవి నన్నయ పుట్టిన, పోయిన ఏళ్లు కావు. రాజరాజ నరేంద్రుడు ఏలాడని చెప్పే ఏళ్లు. 1022లో పుట్టిన పిల్లవాడే అదే ఏడు పట్టమెక్కినట్టు, కవి ఆయుష్షూ రాజు పాలనా ఒకే అచ్చులో పోసేశారు. కవుల కాలపట్టికలు సరిచూసే పని నాకు ముప్పై ఏళ్లుగా అలవాటు. అందులో ఎక్కువసార్లు దొరికే తప్పు ఇదే.

నన్నయ విషయంలో నేలమీద నిలబడే తేదీ ఒకటుంది. అది భారతంలో లేదు, కోనసీమలోని నందంపూడి పేరు మీద ఉన్న రాగిరేకుల్లో ఉంది. రాజరాజు ఆ ఊరిని నారాయణభట్టు అనే పండితుడికి అగ్రహారంగా ఇచ్చాడు. ఆ దానశాసనాన్ని రచించింది నన్నయభట్టు. అందులో దానం తేదీని శకసంవత్సరంలో నేరుగా చెప్పలేదు. ‘రాజు ఏలుబడిలో 32వ సంవత్సరం, చంద్రగ్రహణ సమయం’ అన్న మాటలే లెక్కకు ఆధారం.

దీన్ని మన తేదీగా మార్చాలంటే ముందు రాజు పట్టాభిషేకం కావాలి. అది కోరుమిల్లి రాగిరేకుల్లో దొరుకుతుంది. శకం 944, సూర్యుడు సింహంలో ఉండగా. శకానికి 78 కలిపితే 1022. సంవత్సరం చైత్రంతో మొదలవుతుంది కనుక పుష్యం దాటి జనవరిలో పడితే 79 కలపాలి. ఇది ఆగస్టు కనుక 78 చాలు. తొలి ఏలుబడి సంవత్సరం 1022 ఆగస్టులో మొదలైతే, 32వది 1053 ఆగస్టులో మొదలవుతుంది. ఇక్కడే చేయి జారుతుంది. 1022కి 32 కలిపేసి 1054 అని రాసేవాళ్లున్నారు. కలపాల్సింది 31, ఎందుకంటే పట్టమెక్కిన ఏడే ‘ఒకటి’. పన్నెండు నెలల్లో ఎక్కడ అన్నది గ్రహణం చెబుతుంది. పండితులు వెనక్కి లెక్కగట్టి 1053 నవంబరు 28 అన్నారు.

సరే, శాసనంలో నన్నయభట్టు, భారతంలో నన్నయ. ఒకరేనని ఎలా నమ్మాలి? పేరు కలిస్తే చాలదు, ఒకే పేరున్న భట్టులు ఎందరైనా ఉంటారు. నాకు నమ్మకం కలిగించేది నారాయణభట్టు. భారతం అవతారికలో తన రచనకు తోడుపడ్డ నారాయణభట్టును నన్నయ తలుచుకున్నాడు. ఇక్కడ అగ్రహారం పుచ్చుకున్నది నారాయణభట్టు, దానం చేసింది భారతం రాయించిన రాజే. రాజు, సాయం చేసిన పండితుడు, కవి, ముగ్గురూ ఒకే రాగిరేకు మీద కూడితే అది యాదృచ్ఛికం అనిపించదు.

దీంతో తేలేది 1053 నాటికి ఆయన రాజశాసనం రాయగల పండితుడని మాత్రమే. ఆయన పోయిన ఏడు కోసం భారత రచన అరణ్యపర్వం మధ్యలో ఆగిపోవడాన్ని పట్టుకుంటారు. ఆ ఖాళీలోకే కథలు వచ్చి చేరాయి. అథర్వణుడి భారతాన్ని కాల్పించిన పాపం తగిలి మతి చలించిందని ఒకటి. నన్నయ వ్యాకరణాన్ని భీమకవి గోదావరిలో పారేస్తే సారంగధరుడు కంఠస్థం చేసి కాపాడాడని మరొకటి. ఈ రెండోదాన్ని చెప్పిన అప్పకవి 1656 నాటివాడు, అంటే నన్నయకు ఆరువందల ఏళ్ల అవతల. ఆయనకు నన్నయ కాలం ఎంత దూరమో మనకు అప్పకవి కాలం అంతకన్నా దగ్గర.

గైడులోని 1063 కూడా గట్టిది కాదు. రాజరాజు 41 ఏళ్లు ఏలాడన్న తర్వాతి శాసనాల లెక్క అది. ర్యాలి రేకుల్లో రెండో శక్తివర్మ పట్టాభిషేకం 1061కి తేలడంతో రాజు చివరి ఏడే వెనక్కి జరిగింది. రాజు తేదీ కదిలితే దాని తోక పట్టుకున్న కవి తేదీ నిలుస్తుందా?

ఎల్‌బీ నగర్ వెళ్లే మెట్రోలో పెన్సిలుతో ఆ వరుస కొట్టేసి, ‘1053లో ఉన్నాడు’ అని రాసుకుంటున్నాను. పక్క సీట్లో పరీక్షకు చదువుతున్న అమ్మాయి తొంగి చూసింది.

‘‘సార్, ఆప్షన్స్‌లో అది ఉండదు కదా! ఏం పెట్టాలి?’’

‘‘నన్నయ శతాబ్దం అడిగితే పదకొండు పెట్టమ్మా. పుట్టిన ఏడు అడిగితే ఆ ప్రశ్న వదిలెయ్.’’

‘‘వదిలేస్తే ఒక మార్కు పోతది సార్,’’ అంటూ విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో దిగిపోయింది.