మొదటి మాటలోనే పని చెప్పాలి

సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ సైబర్ టవర్స్ దగ్గరి బస్టాపులో నిలబడ్డవాళ్లను చూస్తే, కొందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లుంటాయి, కొందరి కళ్లు ఫోన్లకు అతుక్కుని ఉంటాయి, మిగతావాళ్ల చూపంతా వచ్చే బస్సు బోర్డు మీదే. ఈ గుంపులో ఎవరినో ఒకరిని కదిపి దారి అడగాలంటే ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి నోరు పెగలదు. విసుక్కుంటారేమో, అడుక్కునేవాణ్ని అనుకుంటారేమో అని జంకుతాడు. ఆ జంకును కప్పుకోవడానికి మర్యాదను పెంచుతాడు. "ఎక్స్‌క్యూజ్ మీ సార్, ఏమీ అనుకోకండి, మీరు బిజీగా ఉన్నట్టున్నారు, ఒక చిన్న హెల్ప్ కావాలి" అంటాడు. అవతలి మనిషి ముఖం అప్పుడే బిగుసుకుంటుంది. ఇబ్బంది పెట్టకూడదని అన్న ఆ వాక్యమే ఇబ్బంది పెడుతుందని నా వాదన.

విన్నవాడి వైపు నుంచి ఆలోచించండి. "చిన్న హెల్ప్" అన్నాక అది దారి అడగడమా, ఫోన్ అడగడమా, ఊరికి వెళ్లడానికి డబ్బుల్లేవని యాభై రూపాయలు అడగడమా అతనికి తెలియదు. పైగా పర్సు పోయిందని చెప్పి డబ్బులడిగేవాళ్లు, విరాళాల ఫారాలు పట్టుకుని తిరిగేవాళ్లు మొదలుపెట్టేదీ ఇదే మాటతో. ఆ నాలుగు సెకన్లలో అతని బుర్రలో తిరిగేది సాయం చేయాలా వద్దా అన్న ప్రశ్న కాదు, దీంట్లోంచి ఎప్పుడు బయటపడతాను అన్నది. రద్దీలో మనుషులు మొహం తిప్పుకునేది ఎక్కువగా ఈ తెలియనితనం వల్లే తప్ప రాతిగుండె వల్ల కాదు. అదే "అన్నా, కొండాపూర్ బస్సు ఇక్కడ ఆగుతుందా?" అని అడిగితే పని ఎంతో, ఎంతసేపో, ఎక్కడ ముగుస్తుందో ఆ ఒక్క వాక్యంలోనే తెలిసిపోతుంది. ఇయర్‌ఫోన్ తీయకుండానే తలూపి చెప్పేయగలడు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు బిబ్ లటానే, జాన్ డార్లీ న్యూయార్క్ వీధుల్లో విద్యార్థుల చేత దారిన పోయేవాళ్లను చిన్న చిన్న సాయాలు అడిగించి, ఆ వివరాలను 1970లో తమ పుస్తకంలో రాశారు. దారో, టైమో అడిగితే చాలామంది ఆగి చెప్పారు. కారణం చెప్పకుండా పది సెంట్ల నాణెం అడిగితే మూడో వంతు మందే ఇచ్చారు. ఫోన్ చేసుకోవాలి అన్న ముక్క కలిపితే ఇచ్చినవాళ్లు ఇంచుమించు రెట్టింపయ్యారు. నాణెం అదే, నగరం అదే. దేనికో తెలియడం ఒక్కటే తేడా.

దీనికి ఎదురు నిలిచే సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. అదే దశకంలో మరో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ తన విద్యార్థులను న్యూయార్క్ సబ్‌వేలోకి పంపి, కూర్చున్నవాళ్లను సీటు ఇమ్మని అడిగించాడు. ఏ కారణమూ చెప్పకుండా అడిగితే మూడింట రెండు వంతుల మంది సీటు ఇచ్చారు, లేదా జరిగి చోటిచ్చారు. నిలబడి పుస్తకం చదవలేకపోతున్నాను అని చెబితే ఆ సంఖ్య నూటికి నలభై చిల్లరకు పడిపోయింది. కారణం చెబితే సాయం పెరుగుతుందన్న మాట ఇక్కడ తిరగబడినట్టు కనిపిస్తుంది. జాగ్రత్తగా చూస్తే రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ఏమీ చెప్పకుండా సీటు అడిగినవాడికి ఏదో గట్టి అవసరమే ఉండి ఉంటుందని విన్నవాడు అనుకుంటాడు, కాదనడానికి మాట వెతుక్కునే వ్యవధి కూడా ఉండదు. పుస్తకం సంగతి చెప్పగానే ఆ అవసరం ఎంత చిన్నదో బయటపడిపోతుంది. కాబట్టి కారణం అడిగే దానికి సరితూగాలి. డబ్బో, ఫోనో అడిగితే కారణం ముందే రావాలి. దారికి, బస్సుకు కారణం అక్కర్లేదు. "మాది నల్లగొండ బాబూ, మా అమ్మాయికి ఇక్కడ ఉద్యోగమొచ్చింది, హాస్టల్లో ఉంటోంది, పొద్దున బయల్దేరాం" అని మొదలుపెట్టే పెద్దలను చూస్తే జాలేస్తుంది. తాము మంచివాళ్లమని రుజువు చేసుకోవడానికే ఆ తాపత్రయం. ప్రశ్న వచ్చేలోగా వినేవాడి బస్సు వచ్చేస్తుంది.

అయితే ప్రశ్న పొట్టిగా ఉంటే చాలదు, సరిగ్గా ఉండాలి. ఈ ప్రాంతంలో తప్పుదారి పట్టించే ప్రశ్నల్లో మొదటిది "హైటెక్ సిటీ స్టేషన్ ఎటు?" అన్నది. ఆ పేరుతో ఇక్కడ రెండు స్టేషన్లున్నాయి. ఒకటి లింగంపల్లి లైన్లో బోరబండ, హఫీజ్‌పేట మధ్య వచ్చే ఎంఎంటీఎస్ స్టేషన్. రెండోది 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి మెట్రో వచ్చినప్పుడు సైబర్ టవర్స్ దగ్గర తెరిచినది. ఒకదాని నుంచి ఇంకోదానికి కొన్ని కిలోమీటర్ల దూరం, నడిచిపోయే దారి కాదు. ఎంఎంటీఎస్ దిగి ప్లాట్‌ఫారం మీదే నిలబడి "హైటెక్ సిటీ ఎటు?" అంటే విన్నవాడు "ఇదే కదా" అని వెళ్లిపోతాడు. అందులో అతని తప్పేమీ లేదు. అక్కడ "సైబర్ టవర్స్‌కు ఆటో ఏ వైపు దొరుకుతుంది?" అని అడగాలి. కంటికి కనిపించే గుర్తు ఒకటి, తెలియాల్సిన సంగతి ఒకటి ఉంటే జవాబు చూపుడువేలితోనే అయిపోతుంది.

తిరుగు ప్రయాణంలోనూ ఇలాంటి చిక్కే. హైటెక్ సిటీలో ఎంఎంటీఎస్ బండి ఎక్కబోతూ "ఇది సిటీకి పోతుందా?" అంటే అందరూ అవునంటారు. కానీ బేగంపేట దాటాక దారి చీలుతుంది. కొన్ని బండ్లు ఖైరతాబాద్ మీదుగా నాంపల్లికి పోతాయి, కొన్ని సికింద్రాబాద్ వైపు తిరుగుతాయి. సికింద్రాబాద్‌లో రాత్రి రైలు అందుకోవాల్సినవాడు నాంపల్లి బండి ఎక్కితే లగేజీతో లక్డీకాపూల్ దాకా పోయాక గానీ తెలుసుకోడు. అడిగేది "ఇది సికింద్రాబాద్ బండా, నాంపల్లి బండా?" అని ఉండాలి. అవుననో కాదనో తేలిపోయే ప్రశ్నకు మనవాళ్లు మొహమాటానికి అవుననేస్తారు. రెండింట్లో ఒకటి చెప్పమంటే తెలిసినవాడే చెబుతాడు, తెలియనివాడు తెలియదంటాడు. తెలియదన్న మాట తేలిగ్గా చెప్పగలిగేలా అడగడం కూడా ఎదుటివాడికి మనం చేసే ఉపకారమే.

ఇలా ముక్కుసూటిగా అడిగితే మర్యాద ఏం కావాలి అని పెద్దవాళ్లు అడగొచ్చు. మన ఇళ్లల్లో కుశలమడిగి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చాకే పని మాట ఎత్తుతారు నిజమే. కానీ అక్కడ ఇద్దరికీ తీరిక ఉంటుంది. బస్టాపులో అన్నా, అక్కా, తమ్మీ, మేడమ్ అన్న ఒక్క పిలుపే ఆ కుశలమంతా మోస్తుంది. ఆ పిలుపు, చిన్న చిరునవ్వు చాలు, వెంటనే వెళ్లాల్సిన చోటి పేరు రావాలి. దీంతో ఇంకో లాభం కూడా ఉంది. ఇక్కడ పక్కన నిలబడ్డవాడిది ఒడిశా కావచ్చు, బెంగాల్ కావచ్చు, అతనికి తెలుగు రాకపోవచ్చు. "కొండాపూర్", "రాయదుర్గం", "మియాపూర్" అన్న పేరు ముందు పడితే మిగతా వాక్యం ఏ భాషలో ఉన్నా అర్థమైపోతుంది. "సార్, తెలుగు వచ్చా?" అని మొదలుపెడితే మాత్రం రాదని చెప్పి తప్పుకోవడానికి మనమే దారి ఇచ్చినట్టు.

ఎవరిని అడగాలన్నది కూడా ముఖ్యమే. గుంపు మొత్తాన్ని ఉద్దేశించి "ఎవరైనా చెప్తారా?" అంటే ప్రతివాడూ పక్కవాడు చెబుతాడులే అనుకుంటాడు. ఒక్కరి కళ్లల్లోకి చూసి అడగాలి. మెట్రో గేటు దగ్గర కార్డు వెతుక్కుంటున్నవాణ్నీ, బస్సు కోసం అడుగు ముందుకు వేసినవాణ్నీ వదిలేయాలి. ఎంఎంటీఎస్ ప్లాట్‌ఫారం మీద బండికీ బండికీ మధ్య చాలా ఎడం ఉంటుంది కాబట్టి, ఒక బండి వెళ్లిపోయాక మిగిలినవాళ్లకు తీరిక ఎక్కువ. వెనక నుంచి భుజం తట్టడం ఎప్పుడూ పనికిరాదు. ఎదురుగానో, కాస్త పక్కగానో, రెండడుగుల దూరంలో నిలబడి, ఇయర్‌ఫోన్లుంటే చెయ్యి కొంచెం ఎత్తితే చూస్తారు. చీకటి పడ్డాక ఒంటరిగా ఉన్న అమ్మాయిని మగవాడు అడగవలసిన అవసరం నిజంగా చాలా అరుదు. పక్కనే ఇంకొకరు ఉంటారు. ఆమెకు తెలియనిది మన ఉద్దేశం, దాన్ని ఏ తీయని మాటా ఆ క్షణంలో రుజువు చేయలేదు.

ఫోన్లో మ్యాప్ ఉండగా, కౌంటర్లో సిబ్బంది ఉండగా దారిన పోయేవాళ్లను కదపడమెందుకు అని కొందరంటారు. సగం ఒప్పుకుంటాను. రైల్లో పోయిన సామానుకు, ఫిర్యాదుకు 139కి ఫోన్ చేయాలి. మెట్రోలో టికెట్ చిక్కు వస్తే కస్టమర్ కేర్ కౌంటర్‌కే పోవాలి. కానీ బస్సు షెల్టర్ దగ్గర ఆగకుండా ముందుకెళ్లి ఆగుతుందన్న సంగతి రోజూ ఎక్కేవాడికే తెలుస్తుంది. మ్యాప్ చూడటం రాని తల్లిదండ్రులు ఈ రోడ్ల మీద రోజూ కనిపిస్తారు. బ్యాటరీ అయిపోయిన క్షణంలో ఐటీ ఉద్యోగి పరిస్థితి కూడా అంతే.

ఆ బ్యాటరీ అయిపోయినప్పుడు అడిగే సాయమే అన్నింటికన్నా కష్టమైనది. ఈ రోజుల్లో ఫోన్ చేతికివ్వడమంటే బ్యాంకు ఖాతా ఇచ్చినంత పని. ఇవ్వనన్నవాణ్ని తప్పుపట్టకూడదు. అందుకే ఫోన్ అడగకూడదు, కాల్ అడగాలి. "అక్కా, నా ఫోన్ ఆఫైంది, మా తమ్ముడికి ఈ స్టేషన్లో ఉన్నానని చెప్పాలి. నంబరు చెప్తా, మీరే కలిపి స్పీకర్ పెట్టండి" అంటే ఫోన్ ఆమె చేతిలోనే ఉంటుంది, మాట్లాడేది ఆమెకు వినిపిస్తుంది, ఎంతసేపో ముందే తెలుస్తుంది. అందుకు నంబరు నోటికి వచ్చి ఉండాలి, లేదా కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి. కాల్ కలిశాక రెండు ముక్కల్లో తేల్చేసి, ఆమె వింటుండగానే తమ్ముడితో ఇంకో మాట చెప్పాలి: "ఇది వేరేవాళ్ల నంబరు, మళ్లీ దీనికి చేయొద్దు." ఆ మాట మరిచిపోతే ఎక్కడిదాకా వచ్చాడో కనుక్కోవడానికి ఇంట్లోవాళ్లు రాత్రి పది దాకా ఆమెకే ఫోన్లు చేస్తుంటారు.