నాలుగు పట్టీలు, ఒక నిలువు గీత

ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదివినవాళ్లకు ఆ బొమ్మ గుర్తుండే ఉంటుంది. ఒకదాని కింద ఒకటి నాలుగు పట్టీలు. పైన పీయూష గ్రంథి వదిలే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ గీతలు. దాని కింద అండాశయంలో పుటిక పెరగడం, పగలడం, కార్పస్ లూటియంగా మారడం. మూడో పట్టీలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్. అట్టడుగున గర్భాశయం లోపలి పొర రాలిపోయి, మళ్లీ దళసరెక్కే వైనం. అన్నిటికీ ఉమ్మడిగా ఒకటో రోజు నుంచి 28వ రోజు దాకా లెక్క. బొమ్మ బాగుంటుంది కానీ, నాకు ముచ్చటేసేది దాని మీద మంచి ప్రశ్న అల్లేవాళ్ల పనితనం.

చెడ్డ ప్రశ్న ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ‘ఎల్‌హెచ్ ఏ రోజున గరిష్ఠం?’ జవాబు 14. దీనికి బొమ్మతో పనే లేదు. చేయి తిరిగినవాళ్లు చేసే మొదటి పని, గీతల మీద పేర్లు చెరిపేయడం. అప్పుడు ఆకారాన్ని బట్టే పోల్చుకోవాలి. మొదటి సగమంతా నేలకు అంటుకుని, రెండో సగంలో గుట్టలా లేచేది ప్రొజెస్టిరాన్ ఒక్కటే. రెండు మూపురాలున్నది ఈస్ట్రోజన్: మొదటిది మొనదేలి ఎత్తుగా, రెండోది వెడల్పుగా కాస్త పొట్టిగా. పై పట్టీలో రెండు గీతలూ దాదాపు ఒకే రోజున ఎగురుతాయి. సూదిలా లేచింది ఎల్‌హెచ్, దాని పక్కన పొట్టిగా నిలబడింది ఎఫ్‌ఎస్‌హెచ్. నెలసరి మొదటి రోజుల్లో ఎఫ్‌ఎస్‌హెచ్ కొద్దిగా ఎత్తులో ఉండడం ఇంకో ఆనవాలు.

ఎత్తుల్లో ఒక మడతపేచీ ఉంది. మూడో పట్టీలో రెండు గీతలూ ఇంచుమించు ఒకే ఎత్తుకు వెళ్తాయి కాబట్టి రెండు హార్మోన్లూ రక్తంలో సమానంగా ఉంటాయని పిల్లలు అనుకుంటారు. ఈస్ట్రోజన్‌ను కొలిచేది పికోగ్రాముల్లో, ప్రొజెస్టిరాన్‌ను నానోగ్రాముల్లో. మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల ప్రొజెస్టిరాన్ అంటే 10,000 పికోగ్రాములు; ఈస్ట్రోజన్ శిఖరం మామూలుగా కొన్ని వందల పికోగ్రాములే. ఒకే కొలబద్ద మీద గీస్తే ఈస్ట్రోజన్ గీత కంటికి ఆనదు. కాబట్టి ఎత్తులు పోల్చమని అడిగే ప్రశ్న తప్పు ప్రశ్న. ఎవరు ముందు కదిలారు అన్నదే అడగాలి.

ఆ అడగడంలోనే అసలు హస్తవాసి. ఈస్ట్రోజన్ కొన దగ్గర స్కేలు నిలువుగా పెట్టి పై పట్టీకి గీత లాగండి. అది ఎల్‌హెచ్ సూదికి తగలదు, సుమారు ఒక రోజు ముందు పడుతుంది. ఆ సన్నటి ఎడం వెనక పెద్ద కథే ఉంది. మామూలు రోజుల్లో ఈస్ట్రోజన్ పీయూష గ్రంథికి కళ్లెం వేస్తుంది. పుటిక పెరిగి, ఈస్ట్రోజన్ మిల్లీలీటరుకు సుమారు 200 పికోగ్రాములు దాటి, ఆ ఎత్తులోనే రెండు రోజులు నిలిచిందంటే ఆ కళ్లెమే కొరడా అవుతుంది, ఎల్‌హెచ్ ఎగదన్నుకొస్తుంది. ఎత్తు ఒక్కటే చాలదు, నిలిచిన కాలమూ కావాలి. 1970లలో పిట్స్‌బర్గ్‌లో ఎర్న్‌స్ట్ నాబిల్ బృందం రీసస్ కోతులకు ఈస్ట్రోజన్ ఎక్కించి చూసి తేల్చిన సంగతి ఇది.

ఎల్‌హెచ్ ఎగబాకడం మొదలైన సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుంది. శిఖరం నుంచి లెక్కేస్తే పది పన్నెండు గంటలే. చేతి వెడల్పు బొమ్మలో ఇదంతా వెంట్రుకవాసి. అచ్చు కాస్త అటూఇటూ అయితే రెండు శిఖరాలూ కలిసిపోతాయి, ‘ఎల్‌హెచ్ పెరగడం వల్ల ఈస్ట్రోజన్ పెరిగింది’ అన్న తప్పు జవాబు నిజంలా కనిపిస్తుంది. అందుకే నేర్పరి 28 రోజులూ వేయకుండా 11 నుంచి 16 దాకా రోజుల్ని మాత్రం సాగదీసి గీస్తాడు.

ఇంకో చిన్న మెలిక. అండాశయానివి రెండు దశలు, గర్భాశయానివి మూడు. మూడో రోజున గర్భాశయం రుతుస్రావ దశలో ఉంటే అండాశయం అప్పటికే పుటిక దశలో ఉంటుంది. కింది పట్టీలో పాతది రాలుతుండగానే పైన కొత్త పుటికలు పెరుగుతుంటాయన్న మాట.

నేను చూసినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్నకు పేర్లు చెరిపే పని కూడా లేదు. 28 రోజుల బొమ్మనే ఇచ్చి ఇలా అడుగుతుంది: 35 రోజులకోసారి క్రమంగా నెలసరి వచ్చే ఒకామెకు 21వ రోజున రక్తం తీశారు. ప్రొజెస్టిరాన్ మిల్లీలీటరుకు 0.8 నానోగ్రాములు. ఏమనుకోవాలి? ఒకటి, ఈ నెల అండం విడుదల కాలేదు. రెండు, 17, 18 రోజుల నాటికి విడుదలైంది కానీ కార్పస్ లూటియం బలహీనంగా ఉంది. మూడు, కార్పస్ లూటియం అప్పటికే క్షీణించింది. నాలుగు, ఆ రోజు రక్తంతో ఏమీ తేల్చలేం.

తప్పు జవాబులు చూడండి, ఒక్కొక్కటీ ఒక్కో చదువరి. మొదటిది ‘21వ రోజు ప్రొజెస్టిరాన్ శిఖరం’ అని బట్టీపట్టినవాడిది. రెండోది లెక్కల పిల్లాడిది: 28లో సగం 14 కాబట్టి 35లో సగం పదిహేడున్నర. మూడోదాన్ని ఎంచుకునేవాడు బొమ్మను కుడి అంచు నుంచి చూసి, గీత కిందుంది కాబట్టి దిగిపోయి ఉంటుందనుకున్నాడు. ముగ్గురూ బొమ్మను రబ్బరు షీటులా అన్నివైపులా సమంగా సాగదీశారు, లేదా అసలు సాగదీయలేదు.

సాగేది ఎడమవైపే. గర్భం రాకపోతే కార్పస్ లూటియం బతికేది సుమారు రెండు వారాలు, రెండు రోజులు అటూఇటుగా. చక్రం పొడుగైనా పొట్టిదైనా ఎక్కువ తేడా పుటిక దశలోనే ఉంటుంది. కాబట్టి 35లోంచి 14 తీసేయాలి. అండం విడుదలయ్యేది 21వ రోజు చుట్టుపక్కల. రక్తం తీసిన రోజున పుటిక పగలబోతోందో, అప్పుడే పగిలిందో. ప్రొజెస్టిరాన్ ఇంకా నేలమీదే ఉండడం సహజం. నాలుగోదే సరైన జవాబు.

పరిశోధకులకు కూడా ఈ చిక్కే ఎదురవుతుంది. చాలామంది స్త్రీల కొలతల్ని నెలసరి మొదటి రోజు దగ్గర కలిపి సగటు తీస్తే, ఒకరి శిఖరం 12న, ఇంకొకరిది 17న పడి, సూది కాస్తా మట్టిదిబ్బ అవుతుంది. అందుకే వాళ్లు ఎల్‌హెచ్ శిఖరం పడ్డ రోజును సున్నాగా పెట్టుకుని ముందు, వెనక రోజులు లెక్కేస్తారు. పుస్తకంలో మనం చూసే పదునైన గీత ఆ సర్దుబాటు చలవే. అయినా అది సగటు గీతే. నిజం రక్తంలో ఎల్‌హెచ్ గంట గంటకూ కొట్టుకుంటుంది. ఒక్క సూదిపోటుతో తీసిన అంకెను ఆ నున్నని గీతతో సరిపోల్చకూడదు.

ఇక ఆ 35 రోజుల ఆమెకు పరీక్ష మళ్లీ 28వ రోజున, అంటే రాబోయే నెలసరికి వారం ముందు చేయాలి. అప్పుడు మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే లెక్క. నెలసరి ఎప్పుడొస్తుందో తెలియనివాళ్లకైతే ఒక రోజు నిర్ణయించడం కుదరదు. వారానికోసారి చొప్పున నెలసరి వచ్చేదాకా రక్తం తీసి చూస్తారు.