పదో పుస్తకం దగ్గర, సున్నా దగ్గర

పేజీకి 10 చొప్పున పుస్తకాల పేర్లు చూపించే ప్రోగ్రామ్ ఒకటి ఉందనుకుందాం. 25 పుస్తకాలకు 3 పేజీలు సరిగ్గానే వస్తాయి. 30 అయిన రోజున మాత్రం నాలుగో పేజీ ఒకటి ఖాళీగా తేలుతుంది. పైథాన్‌లో రాసిన లెక్క ఇది:

```
total // size + 1
```

తొందరగా ముగిద్దామనుకునేవాళ్లు `+ 1` తీసేస్తారు. 30 ఇచ్చి చూస్తే 3 వస్తుంది, ఫిర్యాదు మూసేస్తారు. కానీ ఇప్పుడు 25కి రెండే పేజీలు. చివరి ఐదు పుస్తకాలు మాయం. నా లెక్కలో ఇది మొదటి తప్పు కన్నా ఘోరం. ఖాళీ పేజీ కంటికి కనబడుతుంది, కనబడని పుస్తకం గురించి ఫిర్యాదు చేసేదెవరు?

అందుకే అనుభవమున్నవాళ్లు ఫిర్యాదులోని అంకెతో ఆగరు. 9, 10, 11 అని గీతకు ఇటూ అటూ తీసుకుంటారు. ఆ పరీక్షల్ని ముందు పాత కోడ్ మీదే నడుపుతారు. రావాల్సినవి 1, 1, 2. పాత కోడ్ ఇచ్చేవి 1, 2, 2. అంటే అసలు తప్పును పట్టేది 10 ఒక్కటే. మిగతా రెండూ దిద్దుబాటు అతి కాకుండా కాపలా కాస్తాయి. పాత కోడ్ మీద ఏ పరీక్షా ఫెయిల్ కాకపోతే, తర్వాత అన్నీ పాసైనా తేలేదేమీ లేదు.

ఇప్పుడు దిద్దుబాటు:

```
(total - 1) // size + 1
```

మూడూ పాసవుతాయి. ఇంకా అనుమానముంటే ఈ లెక్కను `pages` అనే ఫంక్షన్‌లో పెట్టి, వేరే దారిలో లెక్కించి పోల్చవచ్చు:

```
for n in range(101):
    assert pages(n, 10) == len(range(0, n, 10))
```

కుడివైపున భాగహారమే లేదు. పేజీల మొదళ్లను లెక్కపెడుతుంది. ఒకే సూత్రాన్ని రెండుచోట్లా రాస్తే తప్పు తప్పుతోనే సరిపోలుతుంది.

ఇక ఒక్క పుస్తకమూ లేని జాబితా. పైథాన్ భాగహారం కింది పూర్ణాంకానికి దిగుతుంది కనుక -1 // 10 విలువ -1, దానికి 1 కలిపితే 0. ఇదే లెక్కను సీ భాషలో `/` తో రాస్తే భాగహారం సున్నా వైపు కుదించుకుంటుంది, జవాబు 1. అదే 32 బిట్ల అన్‌సైన్డ్ సంఖ్య అయితే 0 నుంచి 1 తీయగానే అతిపెద్ద విలువకు చుట్టుకుపోయి 42,94,96,730 పేజీలు వస్తాయి. `(total + size - 1) / size` అని రాస్తే ఈ గొడవ ఉండదు, కూడిక ఆ టైపు హద్దు దాటనంతవరకు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. పాత కోడ్ ఖాళీ జాబితాకు 1 ఇచ్చేది, కొత్తది 0 ఇస్తుంది. చివరి పేజీ ఎక్కడ మొదలవుతుందో `(pages - 1) * size` తో వెతికే కోడ్ ఇంకెక్కడైనా ఉంటే, దానికి ఇకపై -10 అందుతుంది. కాబట్టి ఖాళీకి 0 కావాలా, 1 కావాలా అన్నది ఆ విలువను వాడుకునే చోట్లన్నీ వెతికి చూశాకే తేల్చి, దాన్ని కూడా ఒక పరీక్షగా రాసిపెట్టాలి.