అరువు బిల్లు ఆవర్జాకు చేరే దారి

విజయవాడలో ఒక టోకు బట్టల కొట్టు ఉందనుకుందాం. ఏప్రిల్ 5న తెనాలి వ్యాపారి ఒకరు 20 చీరలు అరువుకు తీసుకెళ్లారు. చీర 600 చొప్పున 12,000 రూపాయలు. అందులో 10 శాతం వర్తకపు డిస్కౌంట్ పోగా బిల్లు 10,800కు తేలింది. జీఎస్టీకి వేరే గడి ఉంటుంది, దాన్ని ఇక్కడ పక్కన పెడదాం.

చిట్టా, అంటే జర్నల్, ఒక్కటే ఉంటే గుమస్తా అందులో ఇలా రాస్తాడు: తెనాలి వ్యాపారి ఖాతాకు డెబిట్ 10,800, అమ్మకాల ఖాతాకు క్రెడిట్ 10,800, కింద ఒక వాక్యం వివరణ. తర్వాత ఆ రెండు అంకెలనూ ఆవర్జాలో, అంటే లెడ్జర్‌లో, ఆ ఖాతాల పుటలకు ఎక్కిస్తాడు. నెలకు మూడు బిల్లులైతే సరే. మూడు వందలైతే అమ్మకాల ఖాతాలో మూడు వందల పంక్తులు రాయాలి, చెయ్యి పడిపోతుంది.

అందుకే సహాయక పుస్తకాలు వచ్చాయి. మన చీరల బిల్లు చిట్టా జోలికే వెళ్లదు, నేరుగా అమ్మకాల పుస్తకంలో పడుతుంది. తేదీ, బిల్లు నంబరు, కొన్నవారి పేరు, ఆవర్జా పుట సంఖ్య, మొత్తం. డిస్కౌంట్ 1,200 వివరాల గడిలోనే ఆగిపోతుంది, దానికి ఆవర్జాలో ఖాతా ఉండదు. నగదు అమ్మకాలకు ఈ పుస్తకంలో చోటు లేదు, అవి నగదు పుస్తకానికి పోతాయి. కొట్టులోని పాత బీరువాను అరువుకు అమ్మినా ఇక్కడ రాయకూడదు. అది సరుకు కాదు కాబట్టి చిట్టాకే వెళ్తుంది.

అసలు తమాషా ఆవర్జాలో ఉంది. తెనాలి వ్యాపారి ఖాతాకు ఆ రోజే 10,800 డెబిట్ పడుతుంది, ఎవరు ఎంత బాకీయో ఎప్పటికప్పుడు తెలియాలి కదా! అమ్మకాల ఖాతా మాత్రం నెలాఖరు దాకా ఆగుతుంది. ఆ నెలలో 6,400, 15,300 బిల్లులు మరో రెండు ఉంటే, ఏప్రిల్ 30న మొత్తం 32,500 ఒకే పంక్తిలో క్రెడిట్ అవుతుంది. డెబిట్లు విడివిడిగా, క్రెడిట్ మూటగా. ఏప్రిల్ 20న ఆవర్జా తెరిచి చూసినవాళ్లకు ఒక వైపే కనిపిస్తే కంగారు పడనక్కరలేదు.

మే నెలలో రెండు చీరలు తిరిగొచ్చాయి. డిస్కౌంట్ పోను 1,080 అమ్మకాల వాపసుల పుస్తకంలోకి వెళ్తుంది, తెనాలి ఖాతాకు అంత క్రెడిట్ పడుతుంది.

ఆవర్జాలో ఎక్కించేటప్పుడు 10,800ను 18,000గా రాస్తే? అంకణాలో, అంటే ట్రయల్ బ్యాలెన్స్‌లో, 7,200 తేడా వస్తుంది. అది 9తో నిశ్శేషంగా భాగమవుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ అలాగే ఉంటుంది కాబట్టి, పాత గుమస్తా ముందుగా వెతికేది ఆ జాడే.

అదే 10,800 తెనాలికి బదులు గుంటూరు వ్యాపారి ఖాతాలో పడిందనుకోండి, అంకణా చక్కగా సరిపోతుంది. తప్పు బయటపడేది గుంటూరు వ్యాపారి తన బాకీ చీటీ చూసి, ఆ చీరలు తాను కొనలేదని ఫోన్ చేసినప్పుడే.