తాడికొండ, మళ్లీ తాడికొండ

టెలీకాన్ఫరెన్సులో తనను తాను పరిచయం చేసుకోవడమంటే, ముఖం చూడలేని శ్రోతలకు తానెవరు, ఏ హోదాలో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు అన్న మూడు సంగతులను చెదరకుండా అందించడం. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున గుంటూరు జిల్లాలోని 18 మండలాల అధికారులు ఒకే లైనులోకి వచ్చే సందర్భాన్ని ఉదాహరణగా తీసుకుంటే, ఈ చిన్న పనిలోని కష్టం స్పష్టమవుతుంది. ఆ జిల్లాలో తాడికొండ, తాడేపల్లి రెండూ మండలాలే. పెదకాకాని, పెదనందిపాడు, కాకుమాను కూడా మండలాలే. పేరులో మొదటి ముక్క మాత్రమే వినిపిస్తే ‘తాడి’ ఏదో, ‘తాడే’ ఏదో తేల్చుకోవడం కష్టం. మొదటి ముక్క పోయి ‘కాక్’ దగ్గర మాట తెగితే అది పెదకాకానియో, కాకుమానో చెప్పలేం.

మాట ఇలా తెగడానికి కారణాలు ఫోను యంత్రాల పనితీరులోనే ఉన్నాయి. పాత టెలిఫోను పద్ధతి సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు, అంటే సెకనుకు అన్నిసార్లు కంపించే ధ్వనులను మాత్రమే మోస్తుంది. అచ్చులు చాలావరకు ఆ హద్దులోనే ఇమిడిపోతాయి గానీ, స, ఫ వంటి హల్లులను గుర్తుపట్టించే ఈల వంటి ధ్వనిలో ఎక్కువ భాగం ఆ హద్దుకు పైన ఉండి జారిపోతుంది. కొత్త మొబైల్ సేవలు ఇంతకంటే విశాలమైన పరిధిని మోసినా, కాల్‌లో ఎక్కడో ఒకచోట పాత లైను కలిస్తే ఆ దారిన వినేవారికి మళ్లీ ఇరుకే మిగులుతుంది. రెండో కారణం మౌనాన్ని కత్తిరించే ఏర్పాటు: ఎవరూ మాట్లాడనప్పుడు గది చప్పుడును ఆపివేసి, గొంతు వినబడగానే దారి తెరిచే ఈ పద్ధతిలో, తెరుచుకునే లోపు పలికిన తొలి అక్షరం పోవచ్చు. ‘ఇరవై’, ‘అరవై’ అన్న రెండు మాటలకూ ఉన్న తేడా సరిగ్గా ఆ తొలి అచ్చులోనే ఉంది. అది పోతే మిగిలేది ‘రవై’ ఒక్కటే.

అందువల్ల మొదట పోయినా నష్టం లేని మాటతో ప్రారంభించి, అసలు మాటను దాని వెనుక పెట్టడం సరైన క్రమం. “నమస్కారమండీ. తాడికొండ తహసీల్దారును మాట్లాడుతున్నానండీ. తాడికొండ.” ఈ మూడు వాక్యాలలో నమస్కారం దారి తెరుస్తుంది, ‘మాట్లాడుతున్నానండీ’ అన్న క్రియ చివర రావడం వల్ల, వాక్యాంతంలో గొంతు తగ్గినా ఊరి పేరు చెడదు. తర్వాత సుమారు ఒక సెకను ఆగి, అదే పేరును అదే విధంగా మరోసారి పలకాలి. ఆ విరామం అలంకారం కాదు. ఇంటర్నెట్ మీదుగా వెళ్లే మాట సాధారణంగా 20 మిల్లీసెకన్ల తునకలుగా ప్రయాణిస్తుంది. ఆ తునకలు తరచుగా గుంపుగా పోతాయి కాబట్టి, వెంటవెంటనే రెండుసార్లు చెబితే రెండూ ఒకే గండిలో పడే ప్రమాదం ఉంది. మాట మార్చి చెప్పడం కూడా పొరపాటే, ఎందుకంటే మొదటిసారి సగం విన్నవారు రెండోసారి ఆ మిగిలిన సగం కోసమే చెవి ఒగ్గుతారు.

నెమ్మదిగా చెప్పడాన్ని చాలామంది అక్షరాలను సాగదీయడంగా అర్థం చేసుకుంటారు. ‘తాఆఆడి’ అని లాగితే తెలుగులో హ్రస్వదీర్ఘాల తేడా చెడుతుంది, పేరు మరింత అపరిచితంగా వినిపిస్తుంది. మాటలను మామూలుగానే పలికి, మాటకూ మాటకూ మధ్య ఎడం పెంచడమే నెమ్మది. అరవడం అంతకంటే హాని చేస్తుంది. మైకు తన హద్దు దాటి గొంతును బొంగురు చేస్తుంది, లేదా యంత్రం దానంతటదే ధ్వనిని తగ్గించేస్తుంది. మైకుకు దగ్గరగా జరిగి, స్పీకరు ఆపివేసి మాట్లాడడం ఈ రెండింటికంటే మేలు. ఫోను నంబరు చెప్పవలసి వస్తే ‘అరవై రెండు’ అనకుండా ‘ఆరు, రెండు’ అని ఒక్కొక్క అంకెగా చెప్పడం మంచిది.

పరిచయం అందిందో లేదో తెలుసుకోవడానికి అవతలి నుంచి వచ్చే ‘సరే’ చాలదు. సగం విన్నవారు కూడా మొహమాటంతో సరే అంటారు. నిర్వహిస్తున్న అధికారి “తాడికొండ, చెప్పండి” అని పేరును తిరిగి పలికితేనే అది చేరినట్లు. “తాడేపల్లి, చెప్పండి” అని వస్తే వివరణలోకి దిగకుండా, “కాదండీ. తాడికొండ. కొండ” అని తేడా ఉన్న ముక్కను విడిగా చెప్పాలి. చూపు లేని సంభాషణలో గొంతును బట్టి మనిషిని గుర్తుంచుకోమని అడగడం శ్రోతలకు అన్యాయమని ఈ రచయిత అభిప్రాయం కాబట్టి, అరగంట తర్వాత మళ్లీ మాట్లాడేటప్పుడు కూడా ఊరి పేరే ముందు రావాలి. రెండు ప్రయత్నాల తర్వాతా పేరు చేరకపోతే లోపం ఉచ్చారణలో కాక లైనులోనే ఉందని భావించి, మిగతా 17 మండలాల వారిని ఆపకుండా పేరును, హోదాను సందేశంగా రాసి పంపి, వేరే ఫోను నుంచి తిరిగి చేరడం ఉచితం.