ఒకే గోడ, మూడు లెక్కలు

రావులపాలెంలోనో తణుకులోనో కొత్తగా కట్టిన ఇంట్లో లోపలి గోడ ఒకటి తీసుకుందాం. పొడవు 40 అడుగులు, ఎత్తు 10. అంటే 400 చదరపు అడుగులు, మేస్త్రీల మాటలో నాలుగు చదరాలు. పూత మందం 12 మిల్లీమీటర్లు, మాలు ఒకటికి ఐదు. ఈ గోడకి ఎన్ని బస్తాల సిమెంటు, ఎంత ఇసుక కావాలంటే మన దగ్గర మూడు జవాబులు వస్తాయి. కాలేజీ పుస్తకం లెక్క మూడున్నర బస్తాల దగ్గర తేలుతుంది. రాష్ట్ర స్టాండర్డ్ డేటా పద్ధతి మూడు చాలంటుంది. తాపీ మేస్త్రీ మాత్రం గోడ వంక ఒకసారి చూసి, “చదరానికి బస్తా, నాలుగు తెప్పించండి” అంటాడు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎవరికి ఏది తెలుసో, ఎవరు దేన్ని వదిలేశారో బయటపడుతుంది.

ముందు రెండు పుస్తకాల సంగతి. మొదటి అడుగు రెండింటికీ ఒకటే. 400 చదరపు అడుగులను 12 మి.మీ. మందంతో గుణిస్తే 15.75 ఘనపుటడుగుల తడి మాలు వస్తుంది. ఇటుకల సందుల్లోకి దిగేది, ఎగుడుదిగుళ్లు మింగేది, కింద రాలేది కలిపి మరో ఐదో వంతు చేర్చాలి. కేంద్ర ప్రజాపనుల శాఖ రేట్ల విశ్లేషణలో కూడా 12 మి.మీ. పూతకి 10 చదరపు మీటర్లకు 0.12 కాక 0.144 ఘనపు మీటర్ల మాలు లెక్కేస్తారు. అలా మన గోడకి దాదాపు 19 ఘనపుటడుగులు కావాలి.

దారులు విడిపోయేది ఇక్కడే. కాలేజీ పుస్తకం తడి మాలును 1.33తో గుణించి 25 ఘనపుటడుగుల పొడి సరుకు అంటుంది. నీళ్లు పడ్డాక పొడి సరుకు ఆ మేరకు కుదించుకుపోతుందని దాని వాదన. దాన్ని ఆరు భాగాలు చేసి ఒకటి సిమెంటుకి, ఐదు ఇసుకకి ఇస్తుంది. 50 కిలోల బస్తా 1.226 ఘనపుటడుగులు కనక 3.4 బస్తాలు, 21 అడుగుల ఇసుక. మన స్టాండర్డ్ డేటాలో 1.33 ప్రసక్తే లేదు. ఘనపు మీటరు మాలుకు ఘనపు మీటరు ఇసుక, అందులో ఐదో వంతు సిమెంటు, అంటే 288 కిలోలు. ఇలా చూస్తే మన గోడకి 19 అడుగుల ఇసుక, 3.1 బస్తాల సిమెంటు.

రెండోది నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే మాలులో నిజంగా జరిగేదాన్ని అది చెబుతోంది. వదులుగా పోసిన పొడి ఇసుకలో పదింట నాలుగు వంతుల దాకా ఖాళీలే ఉంటాయి. సిమెంటూ నీళ్లూ చేరేది ఆ ఖాళీల్లోకి. కాబట్టి తయారైన మాలు పోసిన ఇసుక పరిమాణానికి దగ్గర్లోనే ఉంటుంది. 1.33 కూడా చివరికి చెప్పేది ఇదే, కాస్త ఉదారంగా చెబుతుంది. ఎంత వాదించుకున్నా రెండింటి మధ్య తేడా బస్తాలో మూడో వంతే.

మేస్త్రీ అడిగిన నాలుగో బస్తా మాత్రం ఈ తేడాలోంచి రాలేదు. అతను చూసింది గోడని. తొమ్మిదంగుళాల గోడకి ఒక వైపు దారం కట్టి సాఫుగా తీసుకొస్తారు. ఇటుకల పొడవు ఒక్కలా ఉండదు కనక హెచ్చుతగ్గులన్నీ రెండో వైపుకి పోతాయి. మన లంక మట్టితో బట్టీల్లో కాల్చిన నాటు ఇటుకలతో కట్టిన గోడకి ఇది ఇంకా ఎక్కువ. గుండు వేసి చూస్తే ఆ వైపు 12 మి.మీ. పూతతో ఇటుక మూసుకోదు, 15 కావాలి. 15కి స్టాండర్డ్ డేటా లెక్క మళ్లీ వేస్తే మాలు 23.6 అడుగులు, సిమెంటు 3.85 బస్తాలు. చదరానికి బస్తా అన్న మాట సరిగ్గా ఇక్కడికే వచ్చింది. రెండు పుస్తకాలూ కాగితం మీది మందాన్ని నమ్మాయి, మేస్త్రీ గోడ మీది మందాన్ని చెప్పాడు.

ఇక్కడితో ఆపేస్తే మేస్త్రీదే గెలుపు. కానీ గోదావరి ఇసుక దగ్గర అతని లెక్కకూ గండి పడుతుంది. రాజమండ్రి, కొవ్వూరు వైపు నుంచి వచ్చే ఇసుక పొడిగా రాదు. నీళ్లోడుతూ లోడైన ఇసుక ఇంటి ముందు కుప్ప పోశాక నీరు కారిపోయి, నాలుగైదు శాతం చెమ్మ మిగిలే సమయానికి బాగా ఉబ్బి ఉంటుంది. ప్రతి రేణువు చుట్టూ ఉన్న నీటి పొర రేణువులను ఒకదానికొకటి దూరం పెడుతుంది. పాతిక శాతం ఉబ్బు మామూలే. ఇసుక సన్నదైతే అంతకంటే ఎక్కువ. పూర్తిగా నీళ్లలో మునిగిన ఇసుకకి ఈ ఉబ్బు ఉండదు.

కనుక్కోవడం సులువు. నిటారు గోడలున్న గాజు గ్లాసులో చెమ్మ ఇసుకను వదులుగా 10 సెంటీమీటర్ల ఎత్తుకి పోయండి. దాన్ని వేరే గిన్నెలోకి తీసి, గ్లాసులో సగం నీళ్లు పోసి, ఇసుకను మళ్లీ అందులో వేసి పుల్లతో కలపండి. కుదురుకున్నాక 8 సెంటీమీటర్ల దగ్గర ఆగిందంటే ఉబ్బు పాతిక శాతం.

అలాంటి ఇసుకతో బస్తాకి ఐదు పెట్టెలు కొలిస్తే పడేది నాలుగు పెట్టెల ఇసుకే. మాలు ఒకటికి ఐదు కాదు, ఒకటికి నాలుగు. బస్తాకి 6 అడుగులకు పైగా రావలసిన మాలు 5 అడుగుల లోపే వస్తుంది. అయినా చదరానికి బస్తానే సరిపోయిందంటే, పూత 12 మి.మీ. దగ్గరే ఉందన్నమాట. నేను పట్టుకు కూర్చునేది ఈ ఒక్క విషయాన్నే. నాలుగు బస్తాలూ అయిపోయిన గోడ వెనక రెండు వేరు వేరు కథలు ఉండొచ్చు. సరైన మాలు 15 మి.మీ. మందాన పడి ఉండొచ్చు, లేదా సిమెంటు ఎక్కువైన మాలు 12 మి.మీ. మందాన పడి ఉండొచ్చు. బస్తాల లెక్క రెండింటినీ ఒకేలా చూపిస్తుంది. రెండో గోడ మీద కొన్ని వారాలకి సాలెగూడులా సన్న పగుళ్లు రావచ్చు. సిమెంటు ఎక్కువైన మాలు ఆరేటప్పుడు ఎక్కువ కుదించుకుంటుంది. దీనికి తోడు నునుపు కోసం తడి పూత మీద పొడి సిమెంటు చల్లితే పగుళ్లు ఇంకా పెరుగుతాయి, చల్లినది ఏ లెక్కలోకీ రాదు.

బయటి గోడ సంగతి క్లుప్తంగా. వానా గాలీ కొట్టే వైపు 20 మి.మీ. పూత రెండు దఫాలుగా వేస్తారు. మొత్తం ఒకటికి నాలుగు అనుకుంటే ఇదే కొలత గోడకి ఆరు నుంచి ఆరున్నర బస్తాలు. లోపలైనా సరే, మందం 15 దాటితే ఒకే పూతగా వేయనివ్వకండి, బరువుకి జారి బోలు పడుతుంది. ఆరాక కర్రతో తడితే డబడబమని శబ్దం వచ్చేది అక్కడే.

మందం గోడను అడగాలి, పాళ్లు పుస్తకాన్ని అడగాలి, ఇసుక పరిమాణం గ్లాసును అడగాలి. మన గోడకి 15 మి.మీ. మందాన నాలుగు బస్తాలు. ఇసుక పొడిది 23.6 అడుగులు కనక, చెమ్మది 29 నుంచి 30 అడుగులు దించుకోవాలి. టన్నుల్లో కొంటే ఉబ్బుతో పని లేదు, చెమ్మ బరువుకి నాలుగైదు శాతం కలుపుకుంటే చాలు. కొలతకి తట్టలు వద్దు. 40 సెం.మీ. పొడవు, 35 వెడల్పు, 25 లోతున్న చెక్క పెట్టె చేయిస్తే అది సరిగ్గా 35 లీటర్లు, ఒక బస్తా పరిమాణం. పాతిక శాతం ఉబ్బిన ఇసుకైతే బస్తాకి ఆరుంబావు పెట్టెలు పోయించండి. మొదటి బస్తా అయిపోయేసరికి ఎంత గోడ పూర్తయిందో టేపుతో కొలవండి. నూరు అడుగులు దాటితే మందం 15 దగ్గర ఉంది. 85 దగ్గరే ఆగితే 18కి చేరింది. అక్కడే పని ఆపి గుండు మళ్లీ వేసి చూడాలి, ఐదో బస్తాకి కబురు పెట్టాలి.